కబడ్డీ లీగ్ రిజిస్ట్రేషన్లు, పాఠం 4: జనన ధ్రువపత్రంలో ఏ తేదీ చూడాలి?

గత పాఠం తర్వాత టెక్కలి, రాజాం జట్ల మేనేజర్ల నుంచి ఒకే ఫిర్యాదు వచ్చింది. ‘పత్రం నిరుడు పుట్టింది, కుర్రాడు పుట్టింది 2012లో’ అంటూ పరిశీలకులు పిల్లల్ని వెనక్కి పంపారట. ఆ పిల్లల్లో ఎక్కువమంది అర్హులే. అందుకే ఈసారి కొత్త విషయం జోలికి వెళ్లడం లేదు.

జనన ధ్రువపత్రంలో మూడు తేదీలుంటాయి: పుట్టిన తేదీ, నమోదు తేదీ, జారీ తేదీ. జారీ తేదీ అంటే ఆ కాగితం చేతికిచ్చిన రోజు, అంతే. పాతది చిరిగిందనో, తడిసిందనో మళ్లీ తీసుకుంటే కొత్త జారీ తేదీ పడుతుంది. దాన్ని చూసి ఎవరినీ అనుమానించకండి. మీ వేలు నమోదు తేదీ మీద ఆగాలి.

పుట్టిన 21 రోజుల్లోపు నమోదైతే అది మామూలు నమోదు. ఏడాది దాటాక చేయించాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆలస్యమైనంత మాత్రాన మోసం జరిగినట్టు కాదు. ఇంట్లో కాన్పు జరిగిన పిల్లలకు ఇది మామూలే. కాకపోతే అలాంటి పత్రానికి రెండో సాక్ష్యం కావాలి.

అండర్-14లో 1-1-2012న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికే అర్హత అనుకుందాం. ఒక కుర్రాడి పత్రంలో పుట్టిన తేదీ 14-3-2012, నమోదు 19-3-2012, జారీ 2025. ఇక వెతకాల్సిందేమీ లేదు, తీసుకోండి. రెండో కుర్రాడిదీ అదే పుట్టిన తేదీ, కానీ నమోదు 2024లో జరిగింది. ఉత్తర్వు ప్రతి అడగండి. దాంతోపాటు అతను మొదట చేరిన బడి నుంచి అడ్మిషన్ రిజిస్టర్ నకలు తెప్పించండి. ఇప్పుడు చదివే బడి ఇచ్చే స్టడీ సర్టిఫికెట్ నాకు చాలదు, అందులో తేదీ తర్వాత వచ్చిన కాగితాల నుంచి ఎక్కించి ఉండవచ్చు. నకలులో ఒకటో తరగతిలో చేరింది జూన్ 2015 అని ఉందనుకోండి. అప్పటికి అతని వయసు మూడేళ్ల మూడు నెలలు! ఆ వయసులో ఎవరూ ఒకటో తరగతిలో కూర్చోరు. పేరు కొట్టేయకండి, ఫైలు మీద ‘వివరణ కావాలి’ అని రాసి కమిటీకి పంపండి.

తమ్ముడు కూడా లీగ్‌లో ఉంటే అతని పత్రం పక్కన పెట్టి చూడండి. ఒకే తల్లి పిల్లలకు, కవలలు కాకపోతే, ఐదు నెలల తేడా ఉండదు. నేను ముందు చూసేది ఇదే.

నమోదు చేసిన ఊరు వేరుగా ఉందని బెంబేలెత్తకండి. జననాన్ని పుట్టిన చోటే నమోదు చేస్తారు. పాతపట్నం పిల్లవాడు పర్లాకిమిడి ఆసుపత్రిలో పుడితే పత్రం ఒడిశాదే వస్తుంది.

అభ్యాసం: మీ జట్టు ఫైళ్లన్నింటి నుంచి మూడు తేదీలూ ఒక కాగితం మీద రాసి, ఏడాది దాటి నమోదైనవాటిని వేరు చేయండి. వాటిలో ఒక్కొక్కరి ఒకటో తరగతి ప్రవేశ వయసును ఏళ్లు, నెలల్లో లెక్కగట్టి ఎదురుగా రాయండి. వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.