కందికాయ, అనపకాయ, పచ్చి పల్లికాయ ఒకే సర్వలో ఎలా ఉడకబెట్టాలి?

పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో సంక్రాంతికి అటూ ఇటూ ఈ మూడు కాయలూ సంతలో ఒకేసారి కనిపిస్తాయి. మూడింటినీ కలిపి పొయ్యి మీద పెట్టేస్తే కందిగింజ మెత్తబడి చితికిపోయే వేళకు కూడా పల్లీ పచ్చిగానే ఉంటుంది. అందువల్ల సర్వలో వేసే వరుసే ఇక్కడ ముఖ్యం.

ముందుగా కాయలను ఏరుకోవాలి. కంది, అనపకాయల్లో గింజ ఉబ్బి పైకి కనిపిస్తూ, తొక్క ఇంకా పచ్చగా ఉన్నవి ఉడకబెట్టడానికి పనికొస్తాయి. చిన్న రంధ్రమున్న కాయలో పురుగు ఉంటుంది కనుక దాన్ని పక్కన పెట్టాలి. తొక్క పసుపు తిరిగిన కాయలో గింజ ముదిరి ఉంటుంది. అది మిగతావాటితో పాటు ఉడకదు కాబట్టి అతుకు వెంబడి బొటనవేలితో నొక్కి, ఒలిచి, గింజలను కూరకు ఉంచుకోవడం మేలు. అనపకాయ ఒలిచేటప్పుడు వేళ్లకు అంటే జిడ్డు, వాసన చూసే అది తాజాదో కాదో మా ఇళ్లలో చెబుతారు. పల్లికాయను మాత్రం ఒలవకూడదు. దాన్ని చెవి దగ్గర ఊపి చూసి, గింజ గలగలలాడితే ఎండిన కాయ అని గుర్తించి, రాత్రంతా నానబెట్టాకే ఉడికించాలి.

పల్లికాయలకు మట్టి పట్టి ఉంటుంది. పది నిమిషాలు నీళ్లలో ఉంచి, చేతులతో రుద్ది, నీరు తేటపడేవరకు మార్చి మార్చి కడగాలి. ఇది సరిగా చేయకపోతే ఉడికిన నీటిలోని మట్టి ఉప్పుతో పాటు కాయలోకి దిగి, తినేటప్పుడు పంటికి ఇసుక తగులుతుంది.

అరకిలో పల్లికాయ, పావుకిలో చొప్పున కంది, అనపకాయలు తీసుకున్నామనుకుందాం. పెద్ద సర్వలో రెండు లీటర్ల నీరు మరిగించి, రెండు పెద్ద చెంచాల ఉప్పు కలిపి ముందు పల్లికాయలు వేయాలి. అవి తేలుతాయి కనుక పైన పళ్లెం బోర్లించి అణచాలి. ఇరవై అయిదు నిమిషాల తర్వాత అనపకాయలు, మరో పది నిమిషాలకు కందికాయలు వేసి, మధ్యస్థ మంట మీద ఇంకో పదిహేను నిమిషాలు ఉడికించాలి. కుక్కర్ అయితే పల్లికాయలకు త్వరగా అవుతుంది కానీ, తొక్క పలుచని కందికాయలు అందులో పగిలి గింజలు నీళ్లలో కలిసిపోతాయి.

గడియారం కన్నా గింజనే నమ్మాలి. కందిగింజ వేళ్ల మధ్య నొక్కితే సులువుగా నలగాలి, పల్లీ కొరికితే కరకరమనకూడదు. అయినా వెంటనే వార్చకూడదు, ఎందుకంటే ఉప్పు పల్లికాయ తొక్క దాటి గింజకు చేరేది ఎక్కువగా పొయ్యి ఆర్పాకే. కంది, అనపకాయలను జల్లిగరిటెతో తీసేసి, పల్లికాయలను అదే నీటిలో అరగంట ఉంచాలి.

నల్లబడిన గింజ, చేదు తగిలిన గింజ ఉమ్మేయాలి. మిగిలిన కాయలను వార్చి ఫ్రిజ్‌లో పెట్టి మరునాటికి తినేయాలి. తొక్క జిగటగా మారితే పారేయాలి.