ట్రీమ్యాప్‌లో డబ్బాలు దాదాపు ఒకే సైజులో ఉంటే

ఒక్కో ఖర్చును దాని మొత్తానికి తగ్గ వైశాల్యమున్న డబ్బాగా చూపే బడ్జెట్ ట్రీమ్యాప్‌లో బాగా పెద్దదేదో, బాగా చిన్నదేదో తేల్చడం వరకే కంటిని నమ్మండి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఖర్చు పెట్టే ప్రతి రూపాయిలో రాష్ట్రాల పన్నుల వాటా 22 పైసలు, వడ్డీలు 20, పింఛన్లు 4. వడ్డీలు పింఛన్లకు ఐదు రెట్లని చూడగానే తెలుస్తుంది. చిక్కంతా 22, 20 దగ్గరే. మొదటిది 5.5 × 4 సెం.మీ., రెండోది 10 × 2 సెం.మీ. డబ్బాగా వచ్చిందనుకోండి. వైశాల్యాలు సరిగ్గానే ఉన్నా పొడుగ్గా ఉన్న వడ్డీలే ఎక్కువనిపిస్తాయి (నేనూ అలాగే పొరబడ్డాను). ఆ ఆకారం మిగిలిన చోటును బట్టి సాఫ్ట్‌వేర్ ఇచ్చిందే, దానికి వేరే అర్థం లేదు. అలాంటప్పుడు డబ్బాలో రాసిన అంకె చదవండి. అంకె లేకపోతే అదే డేటాతో బార్ చార్ట్ వేయండి. అన్ని కడ్డీలూ ఒకే గీత మీంచి లేస్తాయి కాబట్టి రెండు పైసల తేడా కూడా కనిపిస్తుంది.