విదేశీ విశ్వవిద్యాలయ దరఖాస్తు, నాలుగో పాఠం: స్కోరు గడువు, రిపోర్టు ప్రయాణం

గత పాఠంలో ఏ ఇంగ్లిష్ భాషా పరీక్ష రాయాలో నిర్ణయించుకున్నాం. ఇప్పుడు స్కోరు చేతికి వచ్చిందనుకుందాం. ఈ పాఠం పూర్తయ్యేసరికి మీ స్కోరు ఏ తేదీ దాకా పనికొస్తుందో, రిపోర్టు పంపమని ఏ రోజులోపు కోరాలో మీరే లెక్క వేసుకోగలగాలి. ఒక కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.

ముందుగా గడువు సంగతి. టోఫెల్ స్కోరు పరీక్ష రాసిన తేదీ నుంచి రెండేళ్లు చెల్లుతుంది. ఫలితం వచ్చిన తేదీతో దీనికి సంబంధం లేదు. రెండేళ్లు దాటాక ఆ పరీక్ష నిర్వహించే ఈటీఎస్ సంస్థ మీ స్కోరును ఎవరికీ పంపదు. డబ్బు కడతామన్నా పంపదు. పీటీఈ అకడమిక్ స్కోరుకూ రెండేళ్లే. ఐఈఎల్‌టీఎస్ విషయంలో చిన్న తేడా ఉంది. నిర్వాహకులు రెండేళ్లు అని సూచిస్తారు గానీ, ఎన్నాళ్ల నాటి స్కోరు ఒప్పుకోవాలో నిర్ణయించేది విశ్వవిద్యాలయమే. భాష వాడకపోతే పట్టు తగ్గుతుంది, వాడితే పెరుగుతుంది కాబట్టి పాత స్కోరు ఇవాళ్టి మనిషిని చూపించదన్నది ఈ రెండేళ్ల నియమం వెనుక ఉన్న ఆలోచన. అయితే అన్ని భాషల పరీక్షలూ ఇలా లేవు. జపనీస్ భాషకు జరిపే జేఎల్‌పీటీ ధ్రువపత్రానికీ, జర్మన్ భాషకు జరిపే టెస్ట్‌డాఫ్‌కూ గడువు తీరడమంటూ లేదు. అయినా వాటిని కోరే సంస్థ ‘ఇటీవలిది కావాలి’ అని అడగవచ్చు.

రెండేళ్లు ఎప్పటినుంచి లెక్కించాలో తెలిసింది. ఏ రోజుకు చెల్లి ఉండాలన్నదే ఇక మిగిలిన ప్రశ్న. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒక విశ్వవిద్యాలయం దరఖాస్తు చివరి తేదీ నాటికి చెల్లితే చాలంటుంది. మరొకటి తరగతులు మొదలయ్యే రోజుకు కూడా చెల్లాలంటుంది. ఈ రెండింటి మధ్య ఎనిమిది, తొమ్మిది నెలల దూరం ఉండవచ్చు. ప్రవేశాల పేజీలో ‘రెండేళ్లలోపు’ అన్న మాట కనిపించగానే ఆగిపోకండి. ఆ వాక్యం చివరిదాకా చదవండి. దేని నుంచి రెండేళ్లో అక్కడే రాసి ఉంటుంది. రాసి లేకపోతే ప్రవేశాల కార్యాలయానికి ఒక మెయిల్ రాసి అడగండి. ఆ జవాబును దాచిపెట్టుకోండి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఒక విద్యార్థిని 2024 జూన్ 15న టోఫెల్ రాసింది. ఆమె స్కోరు 2026 జూన్ 15తో ముగుస్తుంది. ఆమె కోరుకున్న కోర్సుకు దరఖాస్తు చివరి తేదీ 2025 డిసెంబర్ 15. తరగతులు 2026 సెప్టెంబర్‌లో మొదలవుతాయి. ఆ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు నాటికి చెల్లితే చాలు. కాబట్టి ఆరు నెలల వెసులుబాటు ఉన్నట్టే కనిపిస్తుంది. ఆమె దరఖాస్తు ఫారంలో తన స్కోరును తానే నింపి, పీడీఎఫ్ జత చేసింది. చాలా విశ్వవిద్యాలయాలు ఆ దశలో ఇంతకంటే అడగవు.

మార్చిలో ప్రవేశం వచ్చింది. ఉత్తరం చివర ఒక షరతు ఉంది: అధికారిక స్కోరు రిపోర్టు ఆగస్టులోపు అందాలి. ఆగస్టు కదా, ఇంకా సమయం ఉందని ఆమె జులై మొదటి వారంలో ఈటీఎస్ ఖాతా తెరిచింది. అప్పటికి స్కోరు గడువు తీరి మూడు వారాలైంది. రిపోర్టు పంపే దారి మూసుకుపోయింది. విశ్వవిద్యాలయం నియమం ప్రకారం ఆమె స్కోరు సరైనదే. కానీ దాన్ని రుజువు చేయగల ఏకైక సంస్థ దాన్ని పంపదు. మళ్లీ పరీక్ష రాయాల్సి వచ్చింది.

అందుకే మీ కాగితం మీద మూడు తేదీలు రాసుకోండి: స్కోరు ముగిసే తేదీ, విశ్వవిద్యాలయం దేన్ని లెక్కలోకి తీసుకుంటుందో ఆ తేదీ, అధికారిక రిపోర్టు చేరాల్సిన తేదీ. మొదటిది మూడోదానికంటే ముందే వస్తుంటే, రిపోర్టు కోరడానికి మీ అసలు గడువు మొదటిదే. నా మాటగా చెబితే, దానికి కనీసం నెల ముందే పని ముగించాలి. పై ఉదాహరణలో అది మే 15.

ప్రవేశాన్ని ఏడాదిపాటు వాయిదా వేసుకునేవారు ఇదే లెక్కను కొత్త తేదీలతో మళ్లీ వేయాలి.

ఇక రిపోర్టు ఎలా వెళ్తుందో చూద్దాం. మీ ఖాతా నుంచి దించుకున్న పీడీఎఫ్ మీ ప్రతి మాత్రమే. దాన్ని మార్చడం ఎవరికైనా సాధ్యమే కనుక, మీ చేతిమీదుగా వచ్చినది అధికారికం కాదు. టోఫెల్ విషయంలో రిపోర్టు ఈటీఎస్ నుంచి నేరుగా విశ్వవిద్యాలయానికి వెళ్లాలి. ప్రతి సంస్థకూ నాలుగంకెల కోడ్ ఉంటుంది. ఉదాహరణకు స్టాన్‌ఫోర్డ్ కోడ్ 4704. పరీక్షకు ముందే ఎంచుకుంటే నాలుగు సంస్థలకు ఉచితంగా వెళ్తుంది. తర్వాత కోరితే ఒక్కోదానికి రుసుము ఉంటుంది. ఒకే పేరును పోలిన విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి. కనుక పేరు చూసి ఎంచుకోకండి. ప్రవేశాల పేజీలో ఇచ్చిన కోడ్‌ను ఒక్కో అంకె సరిచూసుకోండి.

ఐఈఎల్‌టీఎస్‌లో మీకు దక్కేది టెస్ట్ రిపోర్ట్ ఫారం, క్లుప్తంగా టీఆర్‌ఎఫ్. దాని మీద ఉన్న నంబరుతో విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో స్కోరును సరిచూసుకోగలదు. అందుకే కొన్ని చోట్ల స్కాన్ ప్రతి, ఆ నంబరు సరిపోతాయి. నేరుగా రావాలని కోరే చోట్లకు పరీక్షా కేంద్రమే పంపుతుంది, అయిదు సంస్థల వరకు ఉచితంగా. మీ అసలు ప్రతిని మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి.

పంపాక పని అయిపోయిందనుకోవద్దు. ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే. రిపోర్టు ఎలక్ట్రానిక్‌గా చేరుతుంది. అవతల దాన్ని పేరు, పుట్టిన తేదీ చూసి మీ దరఖాస్తుతో జత చేస్తారు. పరీక్షకు ఇంటిపేరు ముందు, దరఖాస్తులో చివర రాసినా, ఒకచోట పూర్తి పేరు, మరోచోట పొడి అక్షరాలు వాడినా రెండూ కలవవు. రిపోర్టు అక్కడే ఉంటుంది, మీ ఫైలులో మాత్రం కనిపించదు. దీన్ని గుర్తించడం సులువే: ఈటీఎస్ ఖాతా ‘పంపాం’ అంటుంది, రెండు వారాలైనా విశ్వవిద్యాలయ పోర్టల్ ‘అందలేదు’ అంటుంది. అప్పుడు మళ్లీ డబ్బు కట్టి పంపకండి. రెండోదీ మొదటిదాని పక్కనే చేరుతుంది. ప్రవేశాల కార్యాలయానికి మెయిల్ రాయండి. అందులో దరఖాస్తు నంబరు, పుట్టిన తేదీ, పరీక్ష తేదీ, పరీక్ష రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వండి. పరీక్షలో పేరు ఎలా ఉందో, దరఖాస్తులో ఎలా ఉందో రెండూ పక్కపక్కనే రాయండి. ఆ రెండు వరుసలు చూస్తే చాలు, అవతలివారు చేత్తో జత చేసేస్తారు.

అభ్యాసం: ఒకరు 2024 నవంబర్ 3న టోఫెల్ రాశారు. దరఖాస్తు చివరి తేదీ 2026 అక్టోబర్ 30. విశ్వవిద్యాలయం దరఖాస్తు నాటి చెల్లుబాటునే చూస్తుంది, అధికారిక రిపోర్టు నవంబర్ 20లోపు చేరాలంటుంది. తరగతులు 2027 జనవరిలో. ఈ స్కోరు పనికొస్తుందా? పనికొస్తే, రిపోర్టు ఏ రోజులోపు కోరాలి? మీ మూడు తేదీలూ రాసి చూడండి. సమాధానంతోనే అయిదో పాఠం మొదలవుతుంది.