30 సెకన్ల ప్రకటనకు శబ్దాన్ని స్క్రిప్టులోనే రాసుకున్న తీరు

ఆవకాయ ప్రకటన మొదటి నుంచి చివరి దాకా సంగీతంతో నిండి ఉండడంతో, ఎడిటింగ్ పూర్తయ్యాక కూడా అసంపూర్తిగానే అనిపించింది. అందుకని స్క్రిప్టులో శబ్దానికి వేరే వరుస పెట్టి, మొదట జాడీ మూత తీసిన చప్పుడు, కంచానికి గరిటె తగిలిన శబ్దం మాత్రమే రాశాను.

తొలి ముద్ద దగ్గర 2 సెకన్ల మౌనం ఉంచాను. అయితే ట్రాక్‌ను పూర్తిగా ఖాళీ చేస్తే స్పీకరు ఆగిపోయిందనిపిస్తుంది కనుక, అదే వంటగదిలో ఎవరూ మాట్లాడకుండా రికార్డు చేసిన గది శబ్దాన్ని దాని కింద పరిచాము.

సంగీతం 20వ సెకనులో మొదలై, మధ్యలో తెగిపోకుండా తన ముగింపు స్వరం మీదే ఆగేలా చివరి నుంచి వెనక్కి లెక్కించి అమర్చాము. మొదట అనుకున్న పాటకు స్వరరచన హక్కు, రికార్డింగు హక్కు వేర్వేరు చేతుల్లో ఉన్నందున, రెండింటినీ ఒకే లైసెన్సులో ఇచ్చే సంగీత లైబ్రరీలోని బాణీని, టీవీకీ యూట్యూబుకూ అనుమతి ఉందని చూసుకున్నాకే తీసుకున్నాము.