టైరు మీద ఆ నాలుగు అంకెలు

మా స్విఫ్ట్ టైర్లు అరిగిపోయి, మార్చడానికి కూకట్‌పల్లిలో ఒక షాపుకెళ్లాను. పాత టైరు మీద 165/80 R14 85T అని ఉంది. అంటే వెడల్పు 165 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, అంటే 132 మి.మీ., రిమ్ 14 అంగుళాలు. 85 ఒక్కో టైరు మోయగల 515 కిలోల బరువుకు, T గంటకు 190 కి.మీ. గరిష్ఠ వేగానికి గుర్తులు.

షాపతను 165/65 R14 చూపించి, "ఇది కూడా పడుతుంది సార్, రేటు తక్కువ" అన్నాడు. రిమ్‌కి పట్టడం నిజమే. కానీ గోడ ఎత్తు 107కి పడిపోతుంది. కారు దాదాపు 25 మి.మీ. కిందికి దిగుతుంది, మన స్పీడ్ బ్రేకర్ల మీద అది చాలా తేడా. స్పీడోమీటర్ కూడా అసలు వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది. వద్దన్నాను.

తర్వాత సరైన సైజులోనే రెండు పేరున్న కంపెనీల టైర్లు తెచ్చాడు. టైరు పక్క గోడ మీద DOT అని మొదలయ్యే కోడ్ చివరి నాలుగు అంకెలు చూశాను, అవి టైరు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. ఒకదానిపై 3521, అంటే 2021లో 35వ వారం. రెండోదానిపై ఒకవైపు తేదీయే లేదు. పూర్తి కోడ్ ఒక్క పక్కనే ఉండొచ్చు కాబట్టి తిప్పించి చూస్తే 0824 కనిపించింది. అప్పటికి అది మూడు నెలల సరుకు. కంపెనీ ఎంత మంచిదైనా, గోదాములో ఏళ్ల తరబడి ఉంటే రబ్బరు గట్టిపడుతుంది. అందుకే రెండోదే తీసుకున్నాను. నాలుగింటి తేదీలూ బిగించకముందే చూసి, బిల్లులో రాయించుకున్నాను.