సర్వీసులో ఉద్యోగి చనిపోతే కుటుంబ పింఛను, గ్రాట్యుటీ: ఫారాలకంటే ముందు అడగాల్సిన కాగితం

ఇది 2004 జనవరి 1కి ముందు చేరి, పాత పింఛను పథకంలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగుల కుటుంబాల కోసం. రైల్వే, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, ఎన్‌పీఎస్‌లో ఉన్నవారికి నియమాలు వేరు కాబట్టి ఇందులోని ఫారం నంబర్లు, లెక్కలు వాళ్లకు వాడకండి.

మొదటి పని తేలికే. మరణ ధృవీకరణ పత్రం నాలుగైదు కాపీలు తీసుకుని, ఆయన పనిచేసిన ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేయండి. కుటుంబ పింఛనుకు ఫారం 10 ఆఫీసే ఇవ్వాలి, గ్రాట్యుటీకి వేరే ఫారం ఉంటుంది. ఆధార్, పాన్, ఫోటోలు, భార్య పేరున బ్యాంకు ఖాతా చాలు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, సర్వీసు రికార్డులో అత్తింటి ఇంటిపేరు ఉంటే ముందే చెప్పి, ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ ఇవ్వండి. లేకపోతే ఫైలు బ్యాంకు దాకా వెళ్లి వెనక్కి వస్తుంది.

అసలు చిక్కు నామినేషన్ దగ్గర వస్తుంది. చాలామంది వచ్చే డబ్బంతా భార్యదే అనుకుంటారు. నిజానికి ఒక్కో మొత్తానికి ఒక్కో దారి. కుటుంబ పింఛను ఎవరికన్నది నియమమే చెబుతుంది, నామినేషన్‌తో దానికి సంబంధం లేదు. ఆయన ఇచ్చిన కుటుంబ వివరాలు ఫారం 4లో ఉంటాయి. మిగిలిన సెలవుల డబ్బుకూ నామినేషన్ ఉండదు, మొదట భార్యకే ఇస్తారు. గ్రాట్యుటీ, జీపీఎఫ్ మాత్రం నామినీకి వెళ్తాయి.

ఒక లెక్క చూద్దాం. 2000 జనవరిలో చేరిన ఉద్యోగి 2024 ఫిబ్రవరిలో చనిపోయారు. మూలవేతనం 50,000, అప్పటి డీఏ 50 శాతం. సర్వీసు ఇరవై నాలుగేళ్లు దాటింది కాబట్టి గ్రాట్యుటీకి ప్రతి ఆరు నెలలకు అర నెల జీతం లెక్క. అంటే 24 నెలల జీతం, డీఏతో కలిపి 75,000 చొప్పున 18 లక్షలు. కుటుంబ పింఛను మొదటి పదేళ్లు మూలవేతనంలో సగం, అంటే 25,000. తర్వాత 30 శాతం, 15,000. దీనిపై పింఛనుదారులకిచ్చే కరువు భత్యం, అంటే డీఆర్, అదనం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెళ్లికి ముందు, ఆయన తల్లిని నామినీగా రాసి తర్వాత మార్చలేదనుకోండి. పింఛను భార్యకే వస్తుంది, 18 లక్షలు మాత్రం తల్లి పేరున మంజూరవుతాయి. గ్రాట్యుటీ నియమాల్లో తల్లి కూడా కుటుంబ సభ్యురాలే. కాబట్టి పెళ్లయినంత మాత్రాన ఆ నామినేషన్ రద్దు కాదు. సరిగ్గా ఇక్కడే ఇంట్లో గొడవ మొదలవుతుంది, మధ్యవర్తి దిగేదీ ఇక్కడే. కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెప్పించి మీ పేరుకు మార్పిస్తానని వాటా అడుగుతాడు. చెల్లే నామినేషన్ ఉంటే ఆఫీసు చూసేది దాన్నే, ఆ సర్టిఫికెట్‌ను కాదు.

నామినేషనే లేకపోతే? అప్పుడూ కోర్టుకు పోనక్కర్లేదు. భార్య, కొడుకులు, పెళ్లికాని కూతుళ్లకు సమానంగా పంచుతారు. పై లెక్కలో భార్య, ఇద్దరు మైనర్ పిల్లలుంటే తలా ఆరు లక్షలు, ఉద్యోగి తల్లిదండ్రులకు ఏమీ ఉండదు. పిల్లల వాటాను సహజ సంరక్షకురాలిగా వాళ్ల తల్లే తీసుకోవచ్చు. కుటుంబ సభ్యులెవరూ లేక, నామినేషన్ కూడా లేనప్పుడే వారసత్వ సర్టిఫికెట్ అవసరం పడుతుంది.

కాబట్టి ఫారాలు నింపే ముందే ఆఫీసులో గ్రాట్యుటీ నామినేషన్, జీపీఎఫ్ నామినేషన్, ఫారం 4 కాపీలు ఇవ్వమని అర్జీ పెట్టండి. నోటిమాటగా కాదు, కాగితం మీద, ఇన్వర్డ్ నంబరు వేయించుకుని. ఖాళీ ఫారం మీద మాత్రం ఎవరు చెప్పినా సంతకం పెట్టొద్దు. ఫారం 4లో మీ పేరు లేకపోయినా హక్కు పోయినట్టు కాదు, బంధుత్వం చూపే పత్రాలు ఇస్తే ఆఫీసు పరిశీలిస్తుంది.

తల్లిదండ్రులు కుటుంబ పింఛను అడగాలంటే భార్యగానీ పిల్లలుగానీ ఉండకూడదు. ఆయన బతికుండగా పూర్తిగా ఆయన మీదే ఆధారపడి ఉండాలి. ఆదాయం నెలకు 9,000, దానిపై డీఆర్ కలిపిన మొత్తం కంటే తక్కువ ఉండాలి. ముందు తల్లికి, ఆమె తర్వాత తండ్రికి ఇస్తారు. వీళ్లు ఏటా ఆదాయ ధృవీకరణ కూడా ఇవ్వాలి. చాలామందికి ఆ సంగతి పింఛను ఆగాక తెలుస్తుంది.

ఫైలు కదలడం లేదంటే ఒక మాట అడగండి: తాత్కాలిక కుటుంబ పింఛను మంజూరు చేశారా అని. క్లెయిమ్, మరణ ధృవీకరణ పత్రం అందాక, తుది ఉత్తర్వుల కోసం ఆగకుండా దీన్ని ఇచ్చే వీలు ఉంది. అడగకపోతే కొన్ని చోట్ల గుర్తుకు రాదు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే కేంద్ర పింఛనుదారుల ఫిర్యాదుల పోర్టల్ సీపెన్‌గ్రామ్స్‌లో నమోదు చేయండి. రుసుము లేదు, అర్జీల కాపీలు మాత్రం జతచేయండి.