లీటర్లను గ్యాలన్లలోకి మార్చడం ఎలా? ముందు ఏ గ్యాలనో తేల్చుకోండి

లెక్క చిన్నదే. తికమక పెట్టేది గ్యాలన్ రెండు రకాలు కావడం. అమెరికా గ్యాలన్ అంటే 3.785 లీటర్లు. బ్రిటన్‌ది, అంటే ఇంపీరియల్ గ్యాలన్, 4.546 లీటర్లు.

మొదట అంకె ఎక్కడిదో చూడండి. అమెరికా కారు, అమెరికా వంటకం, అక్కడి పరికరం అయితే అమెరికా గ్యాలనే. బ్రిటన్‌లో పెట్రోల్ లీటర్లలోనే పోస్తారు, కానీ కారు మైలేజీ మాత్రం ఇప్పటికీ ఇంపీరియల్ గ్యాలన్‌కి ఇన్ని మైళ్లని చెబుతారు.

తర్వాత భాగించండి. 50 లీటర్ల పెట్రోల్ ట్యాంకు ఉందనుకుందాం.

```
50 ÷ 3.785 = 13.21   (అమెరికా)
50 ÷ 4.546 = 11.00   (ఇంపీరియల్)
```

క్యాలిక్యులేటర్ లేకపోతే లీటర్లను 0.22తో గుణించండి, ఇంపీరియల్ గ్యాలన్లు వస్తాయి. అమెరికా గ్యాలన్లకైతే 0.264. వచ్చిన జవాబు సరిచూసుకోవడానికి ఒక కొండగుర్తు ఉంది: 6 అమెరికా గ్యాలన్లు దాదాపు 5 ఇంపీరియల్ గ్యాలన్లతో సమానం. పైన 11ని 6తో గుణించి 5తో భాగిస్తే 13.2 వస్తుంది, అంటే లెక్క సరిపోయినట్టే.

మైలేజీ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే ఒకే కారు అమెరికా లెక్కలో గ్యాలన్‌కి 35 మైళ్లు, బ్రిటన్ లెక్కలో 42 మైళ్లు ఇస్తుంది. లండన్‌లో ఉన్న బావగారు తన కారు గొప్ప చెబితే డల్లాస్‌లో ఉన్నవాళ్లు కుళ్లుకోనక్కర్లేదు!

ఇంతకీ ఈ తేడా ఎందుకు? పాత ఇంగ్లండ్‌లో వైన్‌కి ఒక గ్యాలన్, బీరుకి ఇంకో గ్యాలన్ ఉండేవి. క్వీన్ ఆన్ కాలంలో, 1707లో, వైన్ గ్యాలన్‌ని 231 ఘనపు అంగుళాలుగా చట్టంలో ఖాయం చేశారు. బీరు గ్యాలన్ 282. అమెరికా వలసల్లో వైన్ గ్యాలన్ పాతుకుపోయింది, స్వాతంత్ర్యం వచ్చాక కూడా వాళ్లు దాన్నే ఉంచుకున్నారు. బ్రిటన్ మాత్రం 1824 చట్టంతో పాతవన్నీ పక్కనపెట్టి, 62 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 10 పౌండ్ల నీళ్లు పట్టేంత కొలతని కొత్త గ్యాలన్‌గా నిర్ణయించింది. అది పాత బీరు గ్యాలన్‌కి దగ్గరగా వచ్చింది. అప్పటికే విడిపోయిన అమెరికా ఈ మార్పు జోలికి పోలేదు. నిజానికి పాత ఇంగ్లండ్ కొలతని కాపాడుకుంటున్నది అమెరికన్లే.

మన ఇళ్లలోనూ గ్యాలన్ ఉంది, ఆర్వో ఫిల్టర్ లోపల. మెంబ్రేన్ మీద 75 జీపీడీ అని ఉంటే రోజుకు 75 అమెరికా గ్యాలన్లు అని. 3.785తో గుణిస్తే 284 లీటర్లు, గంటకు దాదాపు 12. అది కంపెనీ పరీక్షించిన ప్రెషర్‌లో, 25 డిగ్రీల నీటితో వచ్చే అంకె. చలికాలంలో, ప్రెషర్ తగ్గినప్పుడు అంత రాదు.